వాచ్‌లో పట్టే జవాబు: తెలుగు లిపా, ఇంగ్లీషు అక్షరాలా, ఎమోజీయా?

కొత్త స్మార్ట్‌వాచ్‌లో ఏ మెసేజ్ తెరిచినా కింద ముందే రాసిపెట్టిన జవాబులు నాలుగైదు కనిపిస్తాయి. `OK`, `Can't talk now` లాంటివి. వీటిని తీసేసి మన మాటలు పెట్టుకోవచ్చని చాలామందికి తట్టదు. తట్టినవాళ్లు కూడా ఇంగ్లీషు జవాబులనే తెలుగులోకి మార్చి పెట్టి, నెల తిరక్కముందే విసిగి మానేస్తారు. ఎందుకు విసుగొస్తుందో తెలిస్తే ఏది పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

మన ముందున్న దారులు ఇవి: తెలుగు లిపిలో రాసిపెట్టిన జవాబు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, నేరుగా ఇంగ్లీషు, ఒక్క ఎమోజీ, నోటితో చెప్పి టైప్ చేయించడం. అవతలివాళ్లు తెలుగు చదవగలిగితే, మీ వాచ్ తెలుగును సరిగ్గా చూపిస్తే, నా ఓటు తెలుగు లిపికే. కాకపోతే ఆ జవాబును రాసే పద్ధతి వేరు. ఈ రెండు షరతుల్లో ఏదో ఒకటి బెంగళూరులో తరచూ తప్పుతుంది కాబట్టి మిగతావాటినీ చూడాల్సి వస్తుంది.

మా అక్క ఉదాహరణతో చెబుతాను. అక్క ఇందిరానగర్‌లో ఫిజియోథెరపిస్ట్. ఇల్లు వైట్‌ఫీల్డ్ వైపు, రోజూ పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్లొస్తుంది. పాప డే కేర్ హూడి దగ్గర. పేషెంటు మోకాలు పట్టుకుని వ్యాయామం చేయిస్తున్నప్పుడు ఫోన్ తీయడం కుదరదు, వాచ్ మీద ఒక్కసారి నొక్కడం కుదురుతుంది. మధ్యాహ్నం నుంచి తనకు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకే రకం. పాపను ఎవరు తెస్తున్నారని బావ అడుగుతాడు. ఎక్కడున్నావమ్మా అని అత్తగారు అడుగుతారు. రేపు పది గంటల పేషెంటును తొమ్మిదిన్నరకు మార్చమంటారా అని క్లినిక్ రిసెప్షన్ అడుగుతుంది. కాల్ కట్ చేస్తే వెంటనే మళ్లీ చేసేవాళ్లు కొందరు.

అక్క మొదట పెట్టుకున్న జవాబులు ఇవి:

పేషెంటుతో ఉన్నాను, అయ్యాక నేనే కాల్ చేస్తాను
పేషెంటుతో ఉన్నాను, అయ్యాక కాల్ చెయ్యండి
పేషెంటుతో ఉన్నాను, ఇవాళ కుదరదు

చదవడానికి మూడూ బాగున్నాయి. వాచ్ జాబితాలో మాత్రం మూడూ "పేషెంటుతో ఉన్నాను…" అని మొదలై అక్కడే తెగిపోతాయి. ఏది ఏదో తెలియదు, గుర్తుపెట్టుకున్న వరుసను బట్టి నొక్కాలి. అవతలివైపు కూడా ఇదే గొడవ. బావ చేతికీ వాచ్ ఉంది, ఆయన ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా మెసేజ్ మొదటి ముక్కే కనిపిస్తుంది. అక్క చేస్తానందా, చెయ్యమందా, కుదరదందా తెలియాలంటే ఆయన ఫోన్ తెరవాల్సిందే.

లోపం స్క్రీన్‌ది మాత్రమే కాదు, మన వాక్యం నడిచే తీరులోనూ ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు, అవునా కాదా అనే మూడూ ఆ చివరి మాటలోనే ఉంటాయి. చిన్న స్క్రీన్ కోసేది కూడా సరిగ్గా ఆ చివరనే. `Can't talk now` ఎక్కడ తెగినా కాదనే సంగతి ముందే చేరిపోతుంది. దాన్ని "ఇప్పుడు మాట్లాడలేను" అని మార్చారనుకోండి, "ఇప్పుడు మాట్లాడ…" దగ్గర తెగితే అవతలివాళ్లు ఇప్పుడు మాట్లాడతారేమో అనుకుని కాల్ కొడతారు. ఇంగ్లీషు జవాబులను మాటకు మాట తెలుగు చేసి పెట్టినవాళ్లు విసుగెత్తి మానేసేది ఇందుకే.

దీనికి రెండు మార్గాలున్నాయి. క్రియ తప్ప మిగతాదంతా తీసేయడం ఒకటి. మన క్రియకు ఆ బలం ఉంది. "బయల్దేరా" అంటే ఎవరు బయల్దేరారో వేరే చెప్పనక్కర్లేదు. రెండోది, ఇంకో మాట తప్పదనుకుంటే క్రియను ముందుకు తేవడం. "నేనే చేస్తా, పేషెంటు ఉన్నారు" అని ఇంట్లో మాట్లాడేటప్పుడు అంటాం కదా, వాచ్‌లోనూ అలాగే రాయాలి. కామా తర్వాతది తెగినా నష్టం లేదు. వ్యాకరణం పుస్తకంలోని వరుస ఇక్కడ పనికిరాదు, నోటి వరుసే పనికొస్తుంది.

ఇక మర్యాద సంగతి. ఇంగ్లీషులో ఒకే `Call me` ఎవరికైనా పంపొచ్చు. మనకు "కాల్ చెయ్యి" వేరు, "కాల్ చెయ్యండి" వేరు. అత్తగారికైనా, తమ్ముడికైనా ఒకే జాబితా నుంచి జవాబు వెళ్తుంది. అత్తగారికి "చెయ్యి" అని వెళ్తే సాయంత్రం ఇంట్లో వాతావరణం వేరుగా ఉంటుంది. తమ్ముడికి "చెయ్యండి" అని వెళ్తే వాడు వెటకారం అనుకుంటాడు. ప్రతి జవాబునూ రెండు రకాలుగా పెడితే జాబితా రెట్టింపవుతుంది, తప్పు నొక్కే అవకాశమూ పెరుగుతుంది. అందుకని ఎదుటివాళ్లకు పని చెప్పే జవాబులేవీ పెట్టుకోకుండా అన్నీ మీ గురించే రాసుకోండి. "చేస్తా", "బయల్దేరా", "నాకు కుదరదు" లాంటి వాటిలో మర్యాద తేడా పెద్దగా రాదు, ఎవరికైనా పంపొచ్చు. "నువ్వు వెళ్లు", "మీరు వెళ్లండి" అనే బదులు "నాకు కుదరదు" అంటే అవతలివాళ్లు వెళ్లాలనే సంగతి తనంతట తానే అర్థమవుతుంది. "నా వల్ల కాదు" మాత్రం వద్దు, అందులో కోపం వినిపిస్తుంది.

ఇదే లెక్కన "సరే" కంటే "అలాగే" మేలు. పెద్దవాళ్లకు ఒంటరిగా "సరే" అని వెళ్తే ముక్తసరిగా ఉంటుంది. "సరేనండి" పెడితే స్నేహితులకు పనికిరాదు. "అలాగే" ఇద్దరికీ నప్పుతుంది. ఆఫీసు పైవాళ్లకు ఎక్కువ జవాబులివ్వాల్సిన ఉద్యోగమైతే "అలాగేనండి" ఒకటి విడిగా పెట్టుకోవచ్చు, అక్కకు ఆ అవసరం రాలేదు.

ఇంతకంటే ప్రమాదకరమైన చోటు ఇంకొకటి ఉంది. "తీసుకొస్తా", "తీసుకొచ్చా" అనే రెండు మాటలను చిన్న స్క్రీన్ మీద నడుస్తూ చూడండి. తేడా అంతా ఒక్క అక్షరంలో, "స్తా"కూ "చ్చా"కూ మధ్య ఉంది. ఒకటి ఇంకా జరగాల్సిన పని, ఇంకొకటి అయిపోయిన పని. పాప డే కేర్‌లోనే ఉందా, అమ్మ చేతిలో ఉందా అనేది ఆ ఒత్తు మీద ఆధారపడకూడదు. "వస్తా", "వచ్చా" కూడా ఇలాంటి జంటే. ఇలాంటివి ఒకే జాబితాలో రెండూ పెట్టొద్దు. జరగాల్సినదానికి క్రియ వాడండి, జరిగినదానికి ఇప్పుడు పరిస్థితి ఏమిటో చెప్పండి. "నేనే వెళ్తా" ఒకటి, "పాప నాతోనే ఉంది" ఇంకొకటి. ఈ రెండిటినీ నిద్రమత్తులో చూసినా తికమక పడరు.

టైము చెప్పే జవాబుల మీద కూడా నాకు నమ్మకం లేదు. "ఐదు నిమిషాల్లో వస్తా" అని ముందే రాసిపెట్టుకుంటే, ఈ ఊళ్లో అది రాసిపెట్టిన అబద్ధం. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఉన్నా అదే వెళ్తుంది, గేటు దగ్గరున్నా అదే వెళ్తుంది. టైము బదులు చోటు చెప్పండి. అక్క "మెట్రో ఎక్కా" అని పెట్టుకుంది. రైలు దాదాపు ఒకే టైము తీసుకుంటుంది కాబట్టి ఇందిరానగర్ నుంచి హూడికి ఎంతసేపో బావకు తెలుసు, లెక్క ఆయనే వేసుకుంటాడు. రోజూ బస్సులోనో బండి మీదో వెళ్లేవాళ్లు దారిలో ట్రాఫిక్ వదిలే చోటు ఒకటి ఎంచుకుని "కేఆర్ పురం దాటా" లాంటిది పెట్టుకోవచ్చు. దాటకముందు నొక్కకూడదు, అంతే.

ఇప్పుడు లిపి సంగతి. తెలుగు లిపికి ఎదురయ్యే మొదటి అడ్డంకి వాచే. ఖరీదైన వాచ్‌లలో తెలుగు సాధారణంగా బాగానే కనిపిస్తుంది. చవక వాచ్‌లలో చాలావాటికి తెలుగు ఫాంటు ఉండదు, అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. కొన్నిటిలో ఫాంటు ఉన్నా ఒత్తులు కలిపే తెలివి ఉండదు. కొనేముందు తేల్చుకోవడానికి ఒక్క మాట చాలు. షాపులో వాచ్‌ను మీ ఫోన్‌కు కలిపి, ఎవరిచేతనైనా "స్త్రీ" అని మెసేజ్ పెట్టించండి. కంటికి అది ఒకటే అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు. వాచ్‌కు కలపడం తెలిస్తే ఒకటే అక్షరంగా చూపిస్తుంది, తెలియకపోతే "స్ త్ రీ" అని విడివిడిగా పొల్లులు వేలాడదీస్తుంది. అలా విడగొట్టే వాచ్‌లో తెలుగు జవాబులు పెట్టుకోవద్దు. మీరు పంపింది అవతలివాళ్ల ఫోన్‌లో సరిగ్గానే కనిపించవచ్చు గానీ, నొక్కేటప్పుడు ఏది ఏదో మీకే తెలియదు.

ఆ ఆరు గుర్తుల లెక్క ఇంకోచోట కూడా తగులుతుంది. జవాబుకు ఇన్ని అక్షరాలే అని యాప్ హద్దు పెడితే, అది సాధారణంగా లెక్కపెట్టేది ఈ గుర్తులనే. "వస్తున్నాను" కంటికి నాలుగు అక్షరాలు, లెక్కకు పదకొండు. ఇంగ్లీషు అక్షరాల్లో `vastunnanu` అంటే పది. అంటే పొదుపు పేరుతో ఇంగ్లీషు అక్షరాలకు మారడంలో లాభం లేదు. మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్తే మాత్రం తేడా ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక మెసేజ్‌లో 160 పడతాయి, తెలుగు అక్షరం ఒక్కటి చేరినా మొత్తం మెసేజ్ హద్దు 70కి పడిపోతుంది. వాచ్ జవాబు 70 దాటిందంటే అది ఎలాగూ వాచ్‌కు పనికిరాదు కాబట్టి దీని గురించి బెంగ వద్దు.

రెండో అడ్డంకి మనుషులు. మా బావ కేఆర్ పురంలో పుట్టి పెరిగాడు, వాళ్ల నాన్నగారు దూరవాణినగర్ ఐటీఐ టెలిఫోన్ ఫ్యాక్టరీలో పనిచేశారు. ఇంట్లో తెలుగే, బళ్లో కన్నడ, ఇంగ్లీషు. తెలుగు ధారాళంగా మాట్లాడతాడు, చదవలేడు. కన్నడ లిపి తెలుసు కనుక కూడబలుక్కుని కొంత లాగుతాడు గానీ, పాప సంగతి కూడబలుక్కోవాల్సిన విషయం కాదు. అత్తగారిది హిందూపురం, తెలుగు బళ్లో చదివారు, ఇంగ్లీషు అక్షరాల తెలుగు చదవమంటే ఆవిడకు విసుగు. ఒకే ఇంట్లో రెండు లిపులు. బెంగళూరు తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అందుకే లిపిని వాచ్‌ను బట్టి కాకుండా, ఆ జవాబు ఎక్కువగా ఎవరికి వెళ్తుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు మాటలు మళ్లీ ఏరుకోవాలి. "తెస్తా" అని పెట్టాలంటే `testa` అవుతుంది, చూడగానే ఏదో టెస్టు అనిపిస్తుంది. `ralenu`, `raledu` మధ్య ఒకే అక్షరం తేడా, మొదటిది నేను రాలేను, రెండోది ఎవరో రాలేదు. దీర్ఘాలు ఎలాగూ కనిపించవు. కాబట్టి అక్కడ పొట్టి మాట కంటే తికమక లేని మాట ముఖ్యం. `Nene velta` స్పష్టంగా ఉంటుంది. బావతో ఇంగ్లీషే వాడితే పోదా అని నేనన్నాను. `I'll get her`, `Got her` రెండూ పొట్టివే, ఒకదానికొకటి పోలికా లేదు. "కట్టుకున్నవాడితో ఆఫీసు భాషేమిట్రా" అని అక్క ఒప్పుకోలేదు. అది తన ఇష్టం. క్లినిక్ రిసెప్షన్‌కు మాత్రం ఇంగ్లీషే ఉంచింది, అక్కడ ముగ్గురు మూడు భాషలవాళ్లు.

ఎమోజీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. బొటనవేలు గుర్తు "అలాగే"కు బదులుగా పనికొస్తుంది, అంతకుమించి కాదు. "పాపను నువ్వు తెస్తావా, నన్ను వెళ్లమంటావా?" అనే ప్రశ్నకు బొటనవేలు వెళ్తే ఏమర్థం చేసుకోవాలి? "అలాగే"కూ ఇదే ఇబ్బంది. రెండు ముక్కల ప్రశ్నలకు ఈ రెండూ పంపకూడదు.

నోటితో చెప్పడం బాగున్నప్పుడు చాలా బాగుంటుంది, ముందే రాసిపెట్టలేని జవాబుకు అదొక్కటే దారి. కానీ మీ వాచ్ తెలుగు వింటుందో లేదో మోడల్‌ను బట్టి, ఫోన్‌ను బట్టి మారుతుంది. షాపులోనే "డే కేర్‌లో పాపను ఆరింటికి తీసుకొస్తా" అని ఒకసారి చెప్పి చూడండి. ఇంగ్లీషు మాట కలిసిన తెలుగు వాక్యం, పైగా ఇందాకటి "స్తా, చ్చా" పరీక్ష కూడా అయిపోతుంది. మెట్రోలో, రోడ్డు మీద అది మాటలను తప్పుగా వినడం ఎక్కువ. పంపేముందు చదవాలి, చదివి సరిదిద్దాలంటే ఫోన్ తీసినంత పని. అన్నిటికీ మించి, పేషెంటు ముందు నిలబడి మన ఇంటి సంగతి మణికట్టుతో మాట్లాడటం అక్కకు ఇబ్బందిగా అనిపించింది.

చివరికి అక్క జాబితా ఇలా తేలింది:

అలాగే
మెట్రో ఎక్కా
`Nene velta`
పాప నాతోనే ఉంది
`Papa naatone undi`
నాకు కుదరదు
నేనే చేస్తా, పేషెంటు ఉన్నారు
`Will check and tell`

ప్రతి వరుసా మొదటి మాటలోనే వేరుగా ఉంది చూడండి. "నేనే", "నాకు" దగ్గరదగ్గరగా ఉన్నా, "కుదరదు" పొట్టిది కాబట్టి తెగదు. "మెట్రో ఎక్కా" మాత్రం బావకూ వెళ్తుంది. ఆ రెండు మాటలను ఆయన ఇప్పుడు ఆకారం చూసి గుర్తుపడుతున్నాడు. రెండు లిపుల్లో ఉన్న పాప జవాబు ఒక్కటే దుబారా, అది కావాలనే పెట్టింది.

కాల్ కట్ చేసినప్పుడు పంపే జవాబుల జాబితా చాలా వాచ్‌లలో వేరుగా ఉంటుంది. మెసేజ్‌కు ఇచ్చే జవాబు ఎదుటివాళ్ల ప్రశ్నను ఆసరా చేసుకుంటుంది, కాల్‌కు ఆ ఆసరా లేదు. అక్కడ "అలాగే" పంపితే అర్థం ఉండదు. "నేనే చేస్తా, పేషెంటు ఉన్నారు" లాంటివి ఒకటి రెండు మాత్రం ఆ జాబితాలో పెట్టండి. ఇవి ఎక్కువగా మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్తాయి కాబట్టి ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పెట్టుకునే చోటు సాధారణంగా వాచ్‌లో కాకుండా, ఫోన్‌లో ఉండే దాని యాప్‌లో ఉంటుంది. యాపిల్ వాచ్ అయితే ఐఫోన్‌లో `Watch` యాప్ తెరిచి, `Messages`లోకి వెళ్లి, `Default Replies` నొక్కాలి. కొనబోయేవాళ్లు ఒకటి గమనించాలి. ఇతర కంపెనీల వాచ్‌లు చాలావాటిలో ఈ జవాబుల సౌకర్యం ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలిపినప్పుడే పనిచేస్తుంది, ఐఫోన్‌తో కలిపితే మెసేజ్ చదవడం వరకే. చవక వాచ్‌లలో కొన్నిటికి కాల్ కట్ చేసి పంపే జవాబు తప్ప ఇంకేదీ ఉండదు, డబ్బా మీద మాత్రం `Quick Reply` అని పెద్దగానే రాసి ఉంటుంది. షాపువాడిని వాట్సాప్ మెసేజ్‌కు జవాబు పంపి చూపించమని అడగండి.

ఫ్యామిలీ గ్రూపుల్లో ఇంకో చిక్కు ఉంది. గ్రూపులో వచ్చిన మెసేజ్‌కు వాచ్‌లో నొక్కిన జవాబు అడిగిన ఒక్కరికే కాకుండా గ్రూపు మొత్తానికి వెళ్తుంది. పైగా మీరు పాత ప్రశ్న చదువుతుండగానే కింద కొత్తది వచ్చి చేరవచ్చు. పెద్దమ్మ ఆరోగ్యం గురించి రాసిన మెసేజ్ కింద "మెట్రో ఎక్కా" అని పడితే సర్దిచెప్పడం కష్టం. అక్క గ్రూపుల నోటిఫికేషన్లు వాచ్‌కు రాకుండా ఆపేసింది, ఫోన్‌కు మాత్రం వస్తాయి.